ఒకే లెక్కకి నాలుగు ఆన్సర్లు వస్తున్నాయి, చాప్టర్ వదిలేయనా?

"మేడం గారూ, నేను ఇంటర్ సెకండ్ ఇయర్ ఎంపీసీ. టెన్త్ వరకు తెలుగు మీడియం, ఇప్పుడు కాలేజీలో అంతా ఇంగ్లిష్. కాంప్లెక్స్ నంబర్స్‌లో కూడిక, తీసివేత, గుణకారం వచ్చేస్తున్నాయి, భాగహారం దగ్గరే ఆగిపోతున్నా. (2+5i)/(3-2i) అనే ఒక్క లెక్కని నాలుగు సార్లు చేస్తే నాలుగు ఆన్సర్లు వచ్చాయి. మొదటిసారి 2/3 - (5/2)i, తర్వాత (2+5i)/13, తర్వాత (-4+19i)/5, నిన్న రాత్రి (16+19i)/13. ఏదీ పుస్తకం వెనకాల ఆన్సర్‌తో కలవలేదు. సార్‌ని అడిగితే 'నైన్త్‌లో రేషనలైజ్ చేశావు కదమ్మా, అదే ఇది' అని వెళ్ళిపోయారు, వెనక బెంచీ వాళ్ళు నవ్వారు, ఇంక అడగలేదు. మా అన్నయ్య డిప్లొమా ఎలక్ట్రికల్, వాడు కాలిక్యులేటర్‌లో పోలార్‌లోకి మార్చి ఒక్క నిమిషంలో చేసేసి అదే నేర్చుకోమంటాడు. నా ఫ్రెండ్ ఏమో ఈ చాప్టర్ చాయిస్‌లో వదిలెయ్ అంటోంది. కాంజుగేట్‌తోనే ఎందుకు గుణించాలి, మధ్యలో మాడ్యులస్ ఎందుకొస్తుంది? నా పేరు వెయ్యొద్దు ప్లీజ్."

నీ నాలుగు ఆన్సర్లూ పెన్ను పట్టుకుని చూశానమ్మా. మొదటిది ఒక్కటే దారి తప్పింది, మిగతా మూడూ సరైన దారిలోనే నడిచి ఒక్కోటి ఒక్కో చోట కాలు జారాయి. అంటే నీకు పద్ధతి రాక కాదు, పద్ధతిలో ఏ మెట్టు ఎందుకుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒకరోజు ఈ మెట్టు, ఇంకో రోజు ఆ మెట్టు తప్పుతున్నావు. పేపర్లు దిద్దినన్నాళ్ళూ నాకు ఎక్కువ కనపడ్డవి కూడా సరిగ్గా ఈ నాలుగే, కాబట్టి నువ్వేదో వింత తప్పులు చేస్తున్నావని అనుకోకు.

ముందు మొదటి ఆన్సర్ సంగతి. పైన 2ని కింద 3తో, పైన 5ని కింద -2తో విడివిడిగా భాగించేశావు. కూడికలో వాస్తవ భాగం వాస్తవ భాగంతో, ఊహా భాగం ఊహా భాగంతో కలిపి అలవాటై చెయ్యి ఇక్కడ కూడా అలాగే పోయింది. కానీ మామూలు అంకెల్లో చూడు, (2+5)/(3+2) అంటే 7/5. దాన్ని 2/3 + 5/2 అని రాస్తావా? రాయవు కదా. కింద రెండు ముక్కలు ఉంటే ఆ రెండూ కలిసి ఒకే సంఖ్య, దాన్ని చీల్చి పంచడానికి లేదు. పైనున్న దాన్ని మాత్రం చీల్చొచ్చు, కింద 13 లాంటి ఒంటరి సంఖ్య ఉంటే (-4+19i)/13 ని హాయిగా -4/13 + (19/13)i అని విడగొట్టేయొచ్చు. అంటే మన ఇబ్బంది అంతా హారంలో i ఉండటం వల్లే, లవంలో ఎన్ని i లు ఉన్నా నొప్పి లేదు. హారంలోంచి i ని తరిమేస్తే లెక్క అయిపోయినట్టే.

ఎలా తరమాలి? దేనితో అయినా గుణించి చూద్దాం, ముందు 3-2i ని దానితోనే గుణించు. (3-2i)(3-2i) = 9 - 6i - 6i + 4i² = 5 - 12i. మధ్యలో రెండు -6i లు కలిసి ఇంకా పెద్దవయ్యాయి, i పోలేదు. ఇప్పుడు 3+2i తో గుణించు, 9 + 6i - 6i - 4i². మధ్యలో ప్లస్ ఆరు, మైనస్ ఆరు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, మిగిలిన i² ఎలాగూ -1 కాబట్టి -4i² కాస్తా +4 అయింది, మొత్తం 13. i పూర్తిగా మాయం. కాంజుగేట్‌తోనే ఎందుకు అన్నదానికి ఇంతే జవాబు, మధ్య పదాలు రద్దవ్వాలంటే ఊహా భాగం గుర్తు తిరగబడాలి, తెలుగు మీడియం పుస్తకంలో సంయుగ్మం అని చెప్పేది దీన్నే. ఇక కింద 3+2i తో గుణించావంటే పైన కూడా దానితోనే గుణించాలి, ఎందుకంటే మనం నిజంగా గుణిస్తున్నది (3+2i)/(3+2i) తో, అంటే 1 తో. నీ రెండో ఆన్సర్‌లో కింద 13 చక్కగా వచ్చింది గానీ పైన 2+5i ముట్టుకోకుండా వదిలేశావు, అంటే 1 తో కాకుండా 1/(3+2i) తో గుణించినట్టయింది, వేరే సంఖ్య వచ్చి కూచుంది.

మీ సార్ చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పారు అంతే. తొమ్మిదో తరగతిలో 1/(√3-√2) ఇచ్చి హారాన్ని అకరణీయం చెయ్యమంటే పైనా కిందా √3+√2 తో గుణించేదానివి, కింద 3-2 = 1 వచ్చేది. ఇక్కడా అదే ఎత్తుగడ, i అంటే √(-1) కదా, అది కూడా ఒక వర్గమూలమే. కానీ తేడా ఎక్కడంటే అక్కడ a² - b² మిగులుతుంది, ఇక్కడ i² వల్ల ఆ మైనస్ తిరగబడి a² + b² అవుతుంది. నీ మూడో ఆన్సర్‌లో కింద 5 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా? 9-4. పైన లెక్క అంతా కరెక్ట్‌గా చేసి కింద పాత అలవాటు కొద్దీ a² - b² వేసేశావు. "అదే ఇది" అని నేర్పితే వచ్చే తప్పు ఇదే, అందుకే నాకు ఆ మాట నచ్చదు. ఇంకోటి, రేషనలైజ్ అన్న మాట కూడా ఇక్కడ అంత సరిగ్గా అతకదు. కింద π+i ఉంటే కాంజుగేట్ పెట్టాక π²+1 వస్తుంది, అది అకరణీయ సంఖ్య ఏమీ కాదు, వాస్తవ సంఖ్య మాత్రమే. మనకి కావాల్సింది కూడా అంతవరకే, వాస్తవం అయితే చాలు.

ఇక నిన్న రాత్రి ఆన్సర్. పైన (2+5i)(3+2i) విడదీస్తే 6 + 4i + 15i + 10i². మధ్యవి కలిపి 19i, బాగుంది, చివరి 10i² ని మాత్రం +10 గా తీసుకుని 6+10 = 16 చేశావు. అది -10 కావాలి, 6-10 = -4. కింద i² ని సరిగ్గా -1 చేసి పైన మర్చిపోవడం చాలామంది చేస్తారు, ఎందుకంటే కింద a²+b² అని సూత్రం కంఠస్థం అయి ఉంటుంది కాబట్టి అక్కడ i² ఆలోచనే రాదు, పైన సూత్రం ఉండదు. అందుకని 10i² అని ఒక లైన్ రాసి, కింద లైన్‌లో -10 అని మళ్ళీ రాయి, మనసులో మార్చేయకు. కాగితం ఖర్చు ఒక్క లైనే.

సరైన ఆన్సర్ (-4+19i)/13, అంటే -4/13 + (19/13)i. పుస్తకం వెనకాల ఇదే ఉండాలి.

ఇప్పుడు మాడ్యులస్. గ్రాఫ్ కాగితం మీద 3-2i అంటే కుడికి 3, కిందికి 2 వెళ్ళి పెట్టిన చుక్క. సున్నా నుంచి ఆ చుక్క ఎంత దూరం అంటే పైథాగరస్ ప్రకారం √(9+4) = √13, ఇదే మాడ్యులస్, |3-2i|. మన హారంలో వచ్చిన 13 దీని వర్గమే. ఏ సంఖ్యనైనా దాని కాంజుగేట్‌తో గుణిస్తే మాడ్యులస్ వర్గం వస్తుంది, అందుకే అది ఎప్పుడూ వాస్తవ సంఖ్యే, ఎప్పుడూ పాజిటివ్, హారం మొత్తం సున్నా అయితే తప్ప. ఇక్కడ రెండు గుంటలు ఉన్నాయి. ఒకటి, మాడ్యులస్ కట్టేటప్పుడు -2i ని i తో సహా వర్గం చేసి √(9-4) = √5 అనేయడం. చుక్క కిందికి వెళ్ళిన దూరం 2, 2i కాదు, i అన్నది ఎటు వెళ్ళాలో చెప్పే గుర్తు మాత్రమే. రెండోది, హారంలో √13 వేసేయడం. మాడ్యులస్ √13, హారంలో వచ్చేది దాని వర్గం 13, ఈ రెండిటికీ ముడి పెట్టుకోకు.

మాడ్యులస్ మధ్యలో ఎందుకొస్తుందని అడిగావు, నా దృష్టిలో నీకు అది పనికొచ్చేది అసలు వేరే చోట, నీ తప్పుని నువ్వే పట్టుకోవడానికి. రెండు సంఖ్యల భాగఫలం మాడ్యులస్ ఎప్పుడూ వాటి మాడ్యులస్‌ల భాగఫలానికి సమానం. వర్గమూలాల గొడవ లేకుండా వర్గాల్లోనే చూసుకో. పైన 2+5i కి 4+25 = 29, కింద 3-2i కి 13, కాబట్టి ఆన్సర్ మాడ్యులస్ వర్గం 29/13 రావాలి, అంటే రెండు కంటే కాస్త ఎక్కువ. ఇప్పుడు నీ ఆన్సర్లని ఒక్కొక్కటిగా నిలబెట్టు. 2/3 - (5/2)i లో ఒక్క 5/2 వర్గమే ఆరు దాటింది, అక్కడే పోయింది. (2+5i)/13 కి 29/169, ఒకటి కూడా లేదు. (-4+19i)/5 కి 377/25, పదిహేను దాటింది. (16+19i)/13 కి 617/169, మూడున్నర పైన. నాలుగూ దొరికిపోయాయి. సరైనదానికి (16+361)/169 = 377/169, 13 తో కొట్టేస్తే 29/13. కలిసింది. పుస్తకం వెనక పేజీ తిప్పాల్సిన పని లేదు, సార్ దగ్గరికి వెళ్ళాల్సిన పనీ లేదు, వెనక బెంచీ వాళ్ళకి నవ్వే ఛాన్సూ లేదు.

అయితే ఈ చెక్‌కి ఒక గుడ్డి మచ్చ ఉంది, అది కూడా చెప్పకపోతే రేపు నన్ను తిట్టుకుంటావు. (7+i)/(2i-1) తీసుకో. కింద కాంజుగేట్ ఏంటి అని అడిగితే సగం క్లాసు 2i+1 అంటుంది, మధ్యలో ఉన్న గుర్తు మార్చాలి అని నేర్చుకున్నారు కాబట్టి. కాదు, మార్చాల్సింది మధ్యలో ఉన్న గుర్తుని కాదు, i పక్కనున్న గుర్తుని. ముందు వరస సరిచేసి -1+2i అని రాసుకుంటే కాంజుగేట్ -1-2i. దాంతో కింద 5, పైన (7+i)(-1-2i) = -7 - 14i - i - 2i² = -5 - 15i, ఆన్సర్ -1-3i. ఇప్పుడు 2i+1 తో గుణించిన వాళ్ళ గతేంటి? తమాషా ఏంటంటే దానితో కూడా i పోతుంది, (2i-1)(2i+1) = 4i² - 1 = -5. పైన 5+15i వస్తుంది, -5 తో భాగిస్తే మళ్ళీ -1-3i, ఏ ఇబ్బందీ లేదు. కానీ ఎవరూ అక్కడ -5 వెయ్యరు, "కింద a²+b²" అని 5 వేసేస్తారు, 1+3i తేలుతుంది. మాడ్యులస్ చెక్ పెడితే 50/5 = 10, 1+9 కూడా 10, కలిసిపోయింది! తప్పు ఆన్సర్ పాసైపోయింది. ఎందుకంటే మాడ్యులస్ దూరమే చూస్తుంది, చుక్క ఏ వైపు ఉందో దానికి తెలీదు.

దీనికి మందు, వచ్చిన ఆన్సర్‌ని హారంతో తిరిగి గుణించడం. (1+3i)(-1+2i) = -1 + 2i - 3i + 6i² = -7 - i. మనకి రావాల్సింది 7+i, గుర్తులు తిరగబడ్డాయి, అంటే ఎక్కడో మైనస్ జారింది. ఈ చెక్ దేన్నీ వదలదు కానీ ఇంకో గుణకారం చెయ్యాలి, టైం పడుతుంది. నేనైతే ప్రతి లెక్కకీ మాడ్యులస్ చూస్తా, హారం అటూ ఇటూగా రాసి ఇచ్చినప్పుడో, మైనస్‌లు ఎక్కువైనప్పుడో మాత్రం తిరిగి గుణిస్తా.

మీ అన్నయ్య దారి గురించి. వాడు చేసేది తప్పు కాదు, వాడి పనికి అదే మంచిది కూడా. వాళ్ళు i బదులు j రాస్తారు. 230 వోల్టుల సప్లైకి 6+8j ఓమ్‌ల ఇంపిడెన్స్ తగిలిస్తే కరెంట్ 230/(6+8j), మాడ్యులస్ 230/10 = 23 ఆంపియర్లు, మీటర్ చూపించేది అదే. కాంజుగేట్‌తో చేసినా 230(6-8j)/100 = 13.8 - 18.4j, దాని మాడ్యులస్ కట్టు, 23 ఏ వస్తుంది. కానీ వాడికి కోణాలకి కాలిక్యులేటర్ ఉంది, నీకు ఇంటర్ పరీక్షలో లేదు. నీ లెక్కలో 2+5i కోణం 68 డిగ్రీల పైచిలుకు, 3-2i ది మైనస్ 34 కి దగ్గర, తీసేస్తే దాదాపు 102, అక్కడి నుంచి మళ్ళీ a+ib లోకి రావాలంటే cos, sin విలువలు కావాలి, చేత్తో -4/13 అని కచ్చితంగా తేల్చడం నరకం. కోణాలు 30, 45, 60 ల్లో ఉన్నప్పుడు పోలార్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, (1+i√3)/(1+i) లాంటివి వస్తే వాడుకో. అయినా వాడి దగ్గర నుంచి ఒక్కటి మాత్రం తీసుకో, భాగిస్తే కోణాలు తీసివేయబడతాయి అన్నది. 102 అంటే రెండో పాదం, వాస్తవ భాగం మైనస్, ఊహా భాగం ప్లస్. -4+19i సరిగ్గా అక్కడే ఉంది, నీ 16+19i ఒకటో పాదంలో ఉంది. చిన్న బొమ్మ గీస్తే మాడ్యులస్‌కి కనపడనిది ఇలా కళ్ళకి కనపడుతుంది.

ఇంకో దారి ఉంది, కాంజుగేట్ అస్సలు గుర్తురాని రోజుకి. ఆన్సర్ x+iy అనుకో, (3-2i)(x+iy) = 2+5i. విడదీస్తే 3x+2y = 2, 3y-2x = 5, రెండు సమీకరణాలు. సాధిస్తే x = -4/13, y = 19/13. పొడుగు దారే, రెండింతల టైం, పరీక్షలో రోజూ ఇలా చెయ్యమని చెప్పను. కానీ ఒక్కసారి ఇంట్లో చేసి చూడు, మొదటి దాన్ని 3 తో, రెండో దాన్ని 2 తో గుణించి తీసేస్తే 13x వస్తుంది, 9+4. కాంజుగేట్ పేరు ఎత్తకపోయినా 13 దానంతటదే వచ్చి కూర్చుంటుంది. నాకు కాలేజీలో ఇది చూశాకే కాంజుగేట్ మంత్రం కాదని నమ్మకం కుదిరింది.

వదిలేసే విషయానికొస్తే, అది నీ ఇష్టం, కానీ లెక్క కట్టి వదులు. దీని వెనకాలే డిమూవర్ ఉంది, అది ఈ మాడ్యులస్, కోణాల మీదే నిలబడింది. గుణకాలు వాస్తవ సంఖ్యలైన వర్గ సమీకరణాల్లో మూలాలు ఊహా సంఖ్యలైనప్పుడు జంటగా 3+2i, 3-2i అని వస్తాయి, వాటి లబ్ధం మళ్ళీ ఇదే 13. ఇది వదిలితే ఆ రెండు చోట్లా కుంటుతావు, కాబట్టి నీకు మిగిలేది ఎక్కువ ఉండదు. బోర్డు మార్కులకే అయితే, పెద్ద ప్రశ్నలు కొన్ని వదిలి భాగహారం వరకు గట్టిగా పట్టుకోవడం కూడా ఒక దారి, ఎంట్రన్స్ రాసే ఆలోచన ఉంటే మాత్రం ఆ బేరం పనికిరాదు.

సార్‌ని మళ్ళీ అడగాలంటే "నాకు రావట్లేదు సార్" అని వెళ్ళకు, "సార్, హారంలో 9-4 ఎందుకు కాకూడదు, 9+4 ఎందుకు" అని ఆ ఒక్క లైన్ చూపించు, అలా అడిగితే తప్పించుకోవడం ఏ సార్‌కైనా కష్టం. ఈలోగా ఈ లెక్క చెయ్యి, (2+5i)/(3-2i) + (2-5i)/(3+2i). మొదటి సగం నీ దగ్గర ఉంది, రెండో సగం మొత్తం మళ్ళీ గుణించకు, అన్ని i ల గుర్తులూ తిరగబడ్డాయి కాబట్టి ఆన్సర్‌లో కూడా i గుర్తు తిప్పేస్తే చాలు, (-4-19i)/13. రెండూ కలిపితే -8/13 రావాలి, i మిగిలిందంటే ఏ లైన్‌లో మిగిలిందో రాసి పంపు.